మిట్టమధ్యాహ్నం సౌర ఇన్వర్టరు ఎందుకు ఆగిపోతుంది?

తెలుగునాట పల్లెల్లో పెరిగినవారికి "లో వోల్టేజీ" అనే మాట కొత్తది కాదు. సాయంకాలం దీపాలు మిణుకుమిణుకుమనడం, పొలంలో మోటారు మూలుగుతూ తిరగకపోవడం, ఫ్రిజ్ పక్కన స్టెబిలైజరు తప్పనిసరి కావడం ఆ తరానికి అనుభవంలో ఉన్న విషయాలే. అయితే అదే తరంవారు ఆస్ట్రేలియాలో స్థిరపడి, ఇంటికప్పు మీద సౌరఫలకాలు అమర్చుకున్న తరువాత దీనికి పూర్తిగా విరుద్ధమైన సమస్య ఎదురవుతున్నది. ఇక్కడ వోల్టేజీ తక్కువై కాదు, ఎక్కువై యంత్రం ఆగిపోతుంది. అదీ మబ్బు పట్టిన రోజున కాదు. ఆకాశం నిర్మలంగా ఉండి, ఎండ నిండుగా కాసే మధ్యాహ్న సమయంలో!

ఇలా ఆగినప్పుడు కలిగే నష్టం గ్రిడ్‌కు అమ్మే విద్యుత్తుతో పోయేది కాదు. ఇన్వర్టరు నిలిచిపోయిన ఆ కొద్ది నిమిషాలూ ఇంట్లోని ఫ్రిజ్, వంట పొయ్యి, శీతల యంత్రం అన్నీ బయటి విద్యుత్తును పూర్తి ధర చెల్లించి వాడుకుంటాయి. కప్పు మీద ఎండ వృథా అవుతూ ఉంటుంది. బిల్లు వచ్చేదాకా చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిసినప్పుడు కొందరు తొందరపడి ఇన్వర్టరులోని రక్షణ హద్దులను పెంచమని అడుగుతారు. ఆ మందు రోగం కంటె ప్రమాదకరం. అసలు ఏది సరిచేయదగినది, ఏది ముట్టుకోకూడనిది అనే వివేచనకు ముందుగా కారణం తెలియాలి.

నీరు పల్లమెరుగు

విద్యుత్తు ఎక్కువ వోల్టేజీ ఉన్న చోటినుండి తక్కువ వోల్టేజీ ఉన్న చోటికి ప్రవహిస్తుంది. దీనిని కాలువతో పోల్చి చూడవచ్చు. కాలువలోని నీరు పొలంలోకి పారాలంటే కాలువ మట్టం ఎత్తుగా ఉండాలి. పొలంలో నిలిచిన నీటిని తిరిగి కాలువలోకి పంపాలంటే పొలంలోని మట్టమే కాలువను మించాలి. సౌర ఇన్వర్టరు చేసే పని ఈ రెండవది. వీధి తీగలో 249 వోల్టులు ఉంటే, ఇన్వర్టరు తన కొనల వద్ద అంతకన్న కొంత ఎక్కువ వోల్టేజీని నిలిపితేనే విద్యుత్తు బయటికి వెళుతుంది.

ఎంత ఎక్కువ కావాలి? అది దారిలో ఉన్న తీగల నిరోధం మీద ఆధారపడుతుంది. ఓమ్ సూత్రం ప్రకారం ప్రవాహాన్ని నిరోధంతో గుణిస్తే వోల్టేజీ భేదం వస్తుంది. తీగ పొడవైనా, సన్నదైనా నిరోధం పెరుగుతుంది. దానితోపాటు ఇన్వర్టరు ఎక్కవలసిన మెట్టు కూడ పెరుగుతుంది.

ఇప్పుడు వీధి మొత్తాన్ని ఊహించుకోవాలి. పూర్వం ట్రాన్స్‌ఫార్మరు నుండి బయలుదేరిన విద్యుత్తు ఒక్కొక్క ఇంటినీ దాటుతూ బలం కోల్పోయేది. కాలువ చివరి భూములకు నీరు అందనట్లే, వీధి చివరి ఇంటికి అన్నిటికన్న తక్కువ వోల్టేజీ అందేది. దానిని సరిదిద్దడానికి ట్రాన్స్‌ఫార్మరు వద్దనే వోల్టేజీని కొంచెం ఎక్కువగా నిలిపేవారు. ఇప్పుడు మధ్యాహ్నం వేళ ఇళ్లే విద్యుత్తును వెనక్కు పంపుతున్నాయి. ఇంటింటి వోల్టేజీ మెట్టు ఒకదానిమీద ఒకటి చేరి, చివరి ఇంటిలోనే అన్నిటికన్న ఎక్కువ వోల్టేజీ కనిపిస్తుంది. సాయంకాలం అట్టడుగున ఉండే ఇల్లే మధ్యాహ్నం శిఖరాన నిలుస్తుంది.

దీనికి ఒక చారిత్రక కారణం కూడ తోడయింది. ఆస్ట్రేలియాలో చాలాకాలం ప్రామాణిక వోల్టేజీ 240. 2000 సంవత్సరంలో వచ్చిన ప్రమాణం దానిని 230కి మార్చి, పైకి 10 శాతం, కిందికి 6 శాతం వరకు అనుమతించింది. అంటే ఇంటికి అందే వోల్టేజీ 216 నుండి 253 వరకు ఉండవచ్చు. కాగితం మీద అంకె మారినంత తేలికగా వీధుల్లోని ట్రాన్స్‌ఫార్మర్లు మారవు. పాత 240కి అనుగుణంగా అమర్చినవి అనేకచోట్ల అలాగే పనిచేస్తూ వచ్చాయి. అందువల్ల సౌర విద్యుత్తుకు పైన మిగిలిన జాగా చాలా తక్కువ.

పది నిమిషాల లెక్క

ఇన్వర్టరులో రెండు రకాల పై హద్దులు ఉంటాయి. మొదటిది నిదానంగా పనిచేసేది. ఇది గడచిన 10 నిమిషాల సగటు వోల్టేజీని చూస్తుంది. 2015 నాటి ప్రమాణం ప్రకారం అమర్చిన ఇన్వర్టర్లలో ఈ హద్దు సాధారణంగా 255 వోల్టులు. 2020 నాటి ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 4777.2 ప్రమాణం దేశపు తూర్పు ప్రాంతాల పెద్ద గ్రిడ్‌కు దీనిని 258గా నిర్ణయించింది. రెండవ రకం హద్దు వేగంగా పనిచేసేది. కొత్త ప్రమాణంలో 265 వోల్టులు దాటితే రెండు సెకన్లలోపు, 275 దాటితే సెకనులో అయిదవ వంతులోపు ఇన్వర్టరు గ్రిడ్‌నుండి విడిపోవాలి.

మధ్యాహ్నపు తగాదా దాదాపు ఎప్పుడూ మొదటి హద్దుతోనే. సగటు హద్దు మించగానే ఇన్వర్టరు విడిపోతుంది. అది విడిపోయింది కనుక వోల్టేజీ తగ్గుతుంది. వోల్టేజీ తగ్గింది కనుక, కనీసం ఒక నిమిషం పాటు గ్రిడ్‌ను పరిశీలించి, మళ్లీ మెల్లగా ఉత్పత్తి పెంచుతుంది. పెంచినకొద్దీ వోల్టేజీ మళ్లీ ఎక్కుతుంది. ఈ విధంగా అది పదేపదే ఆగుతూ, లేస్తూ ఉంటుంది.

ఈ రోగానికి దినసరి ఉత్పత్తి రేఖే నాడి. ఆరోగ్యంగా ఉన్న రోజున ఆ రేఖ గంట ఆకారంలో ఉంటుంది. అధిక వోల్టేజీతో ఆగుతున్నప్పుడు మధ్యభాగం పళ్లు ఊడిన దువ్వెనలా, మాటిమాటికి సున్నకు పడిపోతూ కనిపిస్తుంది. మబ్బులు కమ్మితే రేఖ క్రమం లేకుండా కుంగుతుంది గాని సున్నకు పడదు. ఫలకాల సామర్థ్యం ఇన్వర్టరు కంటె ఎక్కువైనప్పుడు రేఖ పైభాగం బల్లపరుపుగా ఉంటుంది. అది దోషం కాదు. కాలం కూడ ఒక ఆనవాలే. ఎండ బాగా ఉండి, శీతల యంత్రాలు ఇంకా నడవని వసంతకాలంలో, అంటే ఇక్కడి సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలల్లో, ఈ బాధ ఎక్కువ. నడివేసవిలో వీధిలోని శీతల యంత్రాలే ఆ విద్యుత్తును తాగేస్తాయి.

ఒక ఇంటి లెక్క

మెల్బోర్న్ పడమటి శివారులో ఒక తెలుగు కుటుంబం ఇంటిని ఉదాహరణగా ఊహించుకోవచ్చు. కప్పు మీద 6.6 కిలోవాట్ల ఫలకాలు, 2018లో అమర్చిన 5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టరు. ఇన్వర్టరును ఇంటి వెనుక గరాజు గోడకు బిగించారు. అక్కడినుండి ముందువైపు ఉన్న మెయిన్ స్విచ్‌బోర్డుకు 25 మీటర్ల దూరం; 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేశారు. సగటు హద్దు 255 వోల్టులు. అక్టోబరు నెలంతా మధ్యాహ్నం పదకొండు మొదలు రెండు గంటల వరకు ఇన్వర్టరు ఆగుతూ వచ్చింది. ఇంటాయన పంపిణీ సంస్థకు ఫిర్యాదు చేయగా, స్మార్ట్ మీటరు లెక్కలు చూసి "మీ ఇంటికి అందే వోల్టేజీ 252, నియమాల లోపలే ఉంది" అని జవాబు వచ్చింది. ఇన్వర్టరు తెర మాత్రం 256కు పైగా చూపుతున్నది. ఎవరి మాట నిజం?

ఇద్దరిదీ నిజమే. ఆ సంగతి మూడు కొలతలతో తేలుతుంది.

మొదటిది, మధ్యాహ్నం ఇన్వర్టరు ఆపి ఉంచినప్పుడు స్విచ్‌బోర్డు వద్ద వోల్టేజీ. ఇది 249. అంటే ట్రాన్స్‌ఫార్మరు, పొరుగు ఇళ్లు కలిసి చేసిన మట్టం ఇది. రెండవది, ఇన్వర్టరు పూర్తి శక్తితో నడుస్తున్నప్పుడు అదే చోట వోల్టేజీ. ఇది 252. ఈ ఇల్లు 20 ఆంపియర్లు ఉత్పత్తి చేసినందువల్ల వీధి తీగలో పెరిగినది 3 వోల్టులు. మూడవది, అదే క్షణంలో ఇన్వర్టరు కొనల వద్ద వోల్టేజీ. ఇది 256.6. స్విచ్‌బోర్డుకూ ఇన్వర్టరుకూ మధ్య 4.6 వోల్టుల తేడా ఉంది.

ఈ తేడా ఎక్కడిది? 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 4.6 మిల్లీఓముల నిరోధం ఉంటుంది. విద్యుత్తు పోవాలి, తిరిగి రావాలి కనుక 25 మీటర్ల దూరానికి తీగ పొడవు 50 మీటర్లు. మొత్తం నిరోధం 0.23 ఓము. 20 ఆంపియర్లను దానితో గుణిస్తే సరిగ్గా 4.6 వోల్టులు. అంతేకాదు, ఆ తీగలో 92 వాట్ల శక్తి ఊరకే వేడిగా మారిపోతున్నది.

ఇక్కడ నియమం స్పష్టంగా ఉంది. ఇన్వర్టరు నుండి పంపిణీ సంస్థ సరఫరా స్థానం వరకు ఇన్వర్టరు వల్ల పెరిగే వోల్టేజీ 2 శాతాన్ని, అంటే 230 మీద 4.6 వోల్టులను, మించకూడదు. ఈ ఇంట్లో లోపలి తీగ ఒక్కటే ఆ కోటాను మింగేసింది. స్విచ్‌బోర్డు నుండి సరఫరా స్థానం వరకు వెళ్లే 20 మీటర్ల తీగ మరో వోల్టును కలుపుతుంది. కాబట్టి దోషం వీధిలో లేదు. అమర్చిన పద్ధతిలో ఉంది. దీనిని అమర్చిన సంస్థతో సరిచేయించుకోమని అడగడం ఆ కుటుంబం హక్కు.

అదే తీగను 10 చదరపు మిల్లీమీటర్లకు మారిస్తే నిరోధం 0.09 ఓముకు దిగుతుంది. తేడా 4.6 నుండి 1.8 వోల్టులకు తగ్గుతుంది. ఇన్వర్టరు కొనల వద్ద 253.8 మాత్రమే ఉంటుంది. ఏ హద్దూ మార్చకుండానే యంత్రం ఆగడం మానుతుంది.

ఈ కొలతల్లో కొంత భాగం ఇంటివారే చూడవచ్చు. సాకెట్టులో పెట్టే చిన్న వోల్టేజీ మీటరును స్విచ్‌బోర్డుకు దగ్గరలో, బరువైన పరికరాలేవీ నడవని సాకెట్టులో పెట్టి, ఇన్వర్టరు తెర చూపే అంకెతో పోల్చాలి. రెండు పరికరాలూ ఒకేలా కొలవకపోవచ్చు కనుక, ఉదయం ఇన్వర్టరు అప్పుడే మేలుకొని ఉత్పత్తి అతి స్వల్పంగా ఉన్నప్పుడు ఒకసారి పోల్చి, ఆ తేడాను మధ్యాహ్నపు తేడానుండి తీసివేయాలి. ఇన్వర్టరును ఆపవలసి వస్తే స్విచ్‌బోర్డు మీద అతికించిన సూచనల క్రమాన్నే పాటించాలి. బోర్డు మూత తెరవడం, తీగలు విప్పడం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పని, ఇంటివారిది కాదు.

సక్రమంగా మార్చదగినవి

తీగ తరువాత చూడవలసినది ఇన్వర్టరులోని ప్రాంతపు ఎంపిక. ఆస్ట్రేలియాలోని తూర్పు గ్రిడ్‌కు తెర మీద `Australia A` అని ఉండాలి. అమర్చిన రోజున పొరపాటున మరొక ప్రాంతాన్నో, మరొక దేశాన్నో ఎంచుకుంటే హద్దులన్నీ తప్పుతాయి. దీనిని సరిచేయడం న్యాయమే. అయితే సంకేతపదం అమర్చినవారి వద్ద ఉంటుంది. ఆ పని వారిచేతనే, పంపిణీ సంస్థ కనెక్షన్ షరతులకు లోబడి చేయించాలి. పాత ఇన్వర్టరులోని 255ను 258గా మార్చుకొనడం కూడ ఈ కోవలోనిదే: పంపిణీ సంస్థ ఆ విలువను అనుమతిస్తే చేయవచ్చు, లేకపోతే చేయరాదు. పైన చెప్పిన ఇంట్లో ఆ మార్పు ఒక్కటే చేసినా ట్రిప్ ఆగేది. కాని సన్నని తీగ, అందులోని వృథా వేడి అలాగే మిగిలిపోయేవి.

తరువాతివి వోల్టేజీని బట్టి ఇన్వర్టరు తనను తాను సర్దుకొనే రెండు ఏర్పాట్లు. వీటిలో మొదటిది "వోల్ట్-వాట్". వోల్టేజీ 253 దాటగానే ఉత్పత్తిని క్రమంగా తగ్గిస్తూ, 260 వద్ద అయిదవ వంతుకు దించుతుంది. ఒక్కసారిగా సున్నకు పడిపోవడానికి బదులు కొంచెం తగ్గి నిలబడడం ఇందులోని కిటుకు. రెండవది "వోల్ట్-వార్". ఇది 240 దాటినప్పటినుండి ఇన్వర్టరు చేత రియాక్టివ్ శక్తిని గ్రహింపజేసి వోల్టేజీని కిందికి లాగుతుంది. దానికీ ఒక ఖరీదు ఉంది. 258 వోల్టుల వద్ద తన సామర్థ్యంలో 60 శాతాన్ని ఇందుకు వాడిన ఇన్వర్టరు నిజమైన విద్యుత్తును 80 శాతానికి మించి ఇవ్వలేదు. పైగా వీధి తీగల్లో నిరోధమే ప్రధానం కనుక ఈ ఉపాయం ఫలితం పరిమితమే. అయినా పూర్తిగా ఆగిపోవడం కంటె ఇది ఎంతో మేలు. కొత్త ప్రమాణం ఈ రెంటినీ తప్పనిసరి చేసింది. పాత ఇన్వర్టరులో ఇవి ఉండికూడ నిద్రపోతుంటే మేల్కొల్పమని అడగవచ్చు.

మూడవ ఉపాయం ఇంటివారి చేతిలోనే ఉంది. మధ్యాహ్నం ఉత్పత్తి అయ్యే విద్యుత్తును మధ్యాహ్నమే వాడుకోవాలి. 3.6 కిలోవాట్ల వేడినీటి ట్యాంకు సుమారు 15 ఆంపియర్లను తీసుకుంటుంది. పై లెక్కలోని వీధి నిరోధం ప్రకారం ఇది స్విచ్‌బోర్డు వద్ద వోల్టేజీని సుమారు 2.25 వోల్టులు తగ్గిస్తుంది. రాత్రి తిరిగే బట్టల యంత్రాన్ని, విద్యుత్ కారు ఛార్జింగును పగటికి మార్చినా అదే మేలు. అయితే గరాజు నుండి బోర్డు వరకు ఉన్న సన్నని తీగలోని 4.6 వోల్టులను ఇది తగ్గించలేదని గుర్తుంచుకోవాలి.

పంపిణీ సంస్థ చేయవలసినది

పై ఇంట్లో ఇన్వర్టరు ఆపినప్పుడు కూడ స్విచ్‌బోర్డు వద్ద 254 వోల్టులు ఉండి ఉంటే కథ వేరుగా ఉండేది. ఇల్లు ఏమీ పంపకుండానే మట్టం హద్దు దాటినట్లు. అప్పుడు తీగలు మార్చినా ప్రయోజనం స్వల్పం. బాధ్యత పంపిణీ సంస్థది. విక్టోరియాలో ఇంటింటా ఉన్న స్మార్ట్ మీటర్లు వోల్టేజీని కూడ నమోదు చేస్తాయి కనుక, ఏ తేదీన ఏ వేళ ఇన్వర్టరు ఆగినదో, దాన్ని ఆపినప్పుడు బోర్డు వద్ద ఎంత ఉన్నదో రాసి పంపితే వారు సరిచూడగలరు. "మా ఇన్వర్టరు ఆగుతున్నది" అని మాత్రమే రాస్తే మొదటి జవాబే మళ్లీ వస్తుంది.

సంస్థ చేయగలిగిన పనుల్లో ముఖ్యమైనది ట్రాన్స్‌ఫార్మరులోని ట్యాప్ మార్చడం. సాధారణంగా ఒక మెట్టు 2.5 శాతం, అంటే సుమారు 6 వోల్టులు. ఒకే ఫేజ్ మీద సౌర ఇళ్లు గుమికూడితే కొన్నిటిని వేరొక ఫేజ్‌కు మార్చడం మరొక మార్గం. సంస్థ వెంటనే ట్యాప్ దించకపోవడానికి కారణమూ లేకపోలేదు. మధ్యాహ్నం దించిన ఆరు వోల్టులు చలికాలపు సాయంకాలం కూడ దిగే ఉంటాయి. ఆ వేళ వీధి చివరి ఇల్లు 216కు కిందికి జారకూడదు. ఈ రెండు చివరలూ చూసుకొనే వారు నిర్ణయించాలి. న్యాయమైన ఫిర్యాదుకు తగిన సమాధానం రాకపోతే విక్టోరియాలో ఇంధన, జల అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

ముట్టుకోకూడనివి

పంపిణీ సంస్థ అనుమతి లేకుండా సగటు హద్దును పెంచడం, పై హద్దులు ఎక్కువగా ఉన్న మరొక దేశాన్ని తెర మీద ఎంచుకోవడం కొందరు చేసే పనులు. అప్పుడు ఇన్వర్టరు ఆగదు నిజమే; కాని వోల్టేజీ తగ్గదు. ఆ ఇంటి ఫ్రిజ్, దీపాలు, టీవీ, పొరుగువారి పరికరాలు కూడ ఆ హెచ్చు వోల్టేజీని రోజూ భరిస్తాయి. పైగా వీధిలో సరఫరా తెగినప్పుడు ఇన్వర్టరు వెంటనే విడిపోవడానికి సహాయపడే హద్దుల్లో ఇవీ ఉన్నాయి. అవి సడలితే చచ్చినదనుకొన్న తీగను ముట్టుకొన్న కార్మికునికి ప్రాణాపాయం.

చివరగా ఒక హెచ్చరిక. అధిక వోల్టేజీ ఎండతో సంబంధం లేకుండా రాత్రిపూట కూడ కనిపించినా, కొన్ని దీపాలు ప్రకాశిస్తూ కొన్ని మసకబారినా, కుళాయి ముట్టుకొంటే జిల్లుమన్నా అది సౌర సమస్య కాదు. న్యూట్రల్ తీగ వదులై ఉండవచ్చు, తెగి ఉండవచ్చు. అటువంటప్పుడు లోహపు వస్తువులను, కుళాయిలను ముట్టుకొనకుండా దూరంగా ఉండి, పంపిణీ సంస్థ అత్యవసర విభాగానికి తక్షణమే ఫోను చేయాలి.

తక్కిన సందర్భాలన్నిటిలోను మూడు కొలతలే దారి చూపుతాయి. ఇన్వర్టరు ఆపినా మట్టం హెచ్చుగా ఉంటే వీధిని చూడాలి. ఆపితే మట్టం బాగుండి, నడిపితే గరాజుకూ బోర్డుకూ మధ్య తేడా పెరిగితే ఇంటి తీగను చూడాలి. ఆ రెండూ సవ్యంగా ఉండి ఒకటి రెండు వోల్టులు మాత్రమే మించుతుంటే అమరికలను, మధ్యాహ్నపు వాడకాన్ని సర్దుకోవాలి. ఉదాహరణగా చెప్పిన ఆ ఇంట్లో మార్చవలసి వచ్చినది ఒక 25 మీటర్ల తీగ మాత్రమే.